తాడు ఎందుకు మాయమైంది? వీడియో రూపం మార్చే ప్రాంప్టుల వెనుక చరిత్ర

పెద జాలరిపేట ఒడ్డున తెల్లవారుజామున అలివి వల లాగుతున్నప్పుడు తీసిన అయిదు సెకన్ల క్లిప్పు ఇది. ఫోను స్టాండు మీద ఉంది, కెమెరా కదలదు. రెండు వరసల్లో మనుషులు మడమలు ఇసుకలో దించి, నడుము వెనక్కి వాల్చి తాళ్లు లాగుతుంటారు. ఈ దృశ్యం మొత్తాన్ని ఏఐ మోడల్‌తో ఏటికొప్పాక లక్క బొమ్మల్లా మార్చాలనుకున్నాం. మనుషులు అంకుడు కర్రతో చేసిన బొమ్మలు కావాలి గానీ, అడుగు అడుగే, లాగుడు లాగుడే ఉండాలి.

వచ్చిన వీడియోలో బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. తాళ్లు మాత్రం లేవు. రెండు వరసల బొమ్మలు ఖాళీ చేతులతో గాలిని లాగుతున్నాయి. నాతో ఎడిటింగ్ చేసే కుర్రాడు చూసి, "అన్నా, ప్రాంప్టులో కదలిక మార్చొద్దని రాశాం కదా" అన్నాడు. రాశాం, నిజమే. మా గ్రూపుల్లో చేతులు మారుతూ తిరిగే ఆ ప్రాంప్టు ఇది:

```
Keep the same motion and camera. Do not change the layout.
Etikoppaka toy style, masterpiece, highly detailed, 8k
```

ఈ మూడు ముక్కలూ మూడు వేర్వేరు కాలాల నుంచి వచ్చి ఒకచోట అతుక్కున్నాయి. తాడు ఎందుకు పోయిందో తెలియాలంటే ఆ కాలాలను వరసగా చూడాలి.

కదలికను ఉంచి రూపాన్ని మార్చాలన్న కోరిక పాతదే. అమెరికా యానిమేటర్ మాక్స్ ఫ్లైషర్ 1915లో దరఖాస్తు చేసి, 1917లో పేటెంటు పొందిన రోటోస్కోప్ చేసేది ఇదే పని. సినిమా ఫ్రేమును అద్దం మీద పడేలా చేసి, దాని మీద కాగితం పెట్టి బొమ్మ గీస్తారు. అక్కడ కదలికను కాపాడింది గీసేవాడి కన్ను. ఏ గీత ముఖ్యమో, ఏది వదిలేయొచ్చో అతనికి తెలుసు. తాడు సన్నగా ఉందని ఏ చిత్రకారుడూ దాన్ని వదిలేయడు.

ఆ పనిని యంత్రానికి అప్పగించినప్పుడు మొదట ఎదురైంది తాడు సమస్య కాదు, ఫ్లికర్. ఒక్కో ఫ్రేముకు విడిగా రంగులు అద్దితే కుంచె గీతలు ప్రతి ఫ్రేములోనూ చోటు మారి, తెర అంతా చిటపటలాడుతుంది. పోనీ గీతలను కదలనివ్వకుండా ఉంచితే అవి తెరకే అంటుకుపోతాయి, మనిషి వాటి వెనకగా నడిచిపోతాడు. స్నానాల గది గరుకు అద్దం వెనక ఎవరో కదులుతున్నట్టు ఉంటుంది. 1997లో పీటర్ లిట్వినోవిచ్ దీనికి ఒక దారి చూపించాడు. పక్కపక్క ఫ్రేములను పోల్చి ఏ బిందువు ఎటు జరిగిందో లెక్కగట్టి, కుంచె గీతను కూడా అటే జరిపాడు. ఆ లెక్క పేరు ఆప్టికల్ ఫ్లో. మనుషులకు అది బాగా పనిచేస్తుంది, అల నురగకు పనిచేయదు. ఈ ఫ్రేములో ఉన్న నురగ తర్వాతి ఫ్రేములో ఉండదు, అలాంటప్పుడు అది ఎటు జరిగిందని లెక్క కడతాం? సముద్రం ఒడ్డున వీడియోలు తీసే మాలాంటి వాళ్లను ఆ ఇబ్బంది ఇప్పటికీ వదల్లేదు.

2015లో జర్మనీలోని ట్యూబింగెన్‌లో లియాన్ గాటిస్, అలెగ్జాండర్ ఎకర్, మథియాస్ బెట్గే న్యూరల్ నెట్‌వర్కుతో ఒక బొమ్మ శైలిని ఇంకో ఫోటో మీదికి తెచ్చారు. మరుసటి ఏడాది ఫ్రైబర్గ్ పరిశోధకులు దానికి ఆప్టికల్ ఫ్లో జోడించి వీడియోకు పనికొచ్చేలా చేశారు. అందులో ప్రాంప్టు అన్నదే లేదు. ఒక వీడియో, శైలి కోసం ఒక చిత్రం ఇస్తే చాలు. అమరిక చెదిరేది కాదు, ఎందుకంటే మారేదల్లా పైపూత. మనిషి ఆకారం మనిషిదే, చర్మం మీద మాత్రం చిత్రం రంగులు. లక్క బొమ్మకు అది సరిపోదు. బొమ్మకు తల గుండ్రంగా ఉండాలి, మెడ పొట్టిగా ఉండాలి, లేతు మీద తిప్పిన నునుపు కావాలి. ఆకారం కొంత మారాలి, నిలబడిన చోటు మారకూడదు. ఈ రెండూ ఒకేసారి కోరడంతోనే అసలు చిక్కు మొదలవుతుంది.

2022 ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ విడుదలయ్యాక మాటలు రంగంలోకి వచ్చాయి. ఉన్న ఫ్రేములో కొంత నాయిస్, అంటే అర్థం లేని చుక్కల గోల కలిపి, దాన్ని స్టెప్పు స్టెప్పుగా తీసేస్తూ ప్రాంప్టు చెప్పిన రూపం తెప్పించడం దాని పద్ధతి. ఎంత నాయిస్ కలపాలో చెప్పే మీట పేరు స్ట్రెంత్. దీన్ని 0.4 దగ్గర పెట్టి 50 స్టెప్పులు అడిగితే, చివరి 20 స్టెప్పులే నడుస్తాయి. ఏది ఎక్కడ ఉండాలన్నది నాయిస్ ఎక్కువగా ఉండే తొలి స్టెప్పుల్లో తేలుతుంది, నునుపూ మెరుపూ ఆఖర్న వస్తాయి. అందుకే 0.3 దగ్గర మా జాలర్లు జాలర్లుగానే ఉండి ఒళ్లంతా కాస్త వార్నిష్ పూసినట్టు కనిపిస్తారు. 0.75కి వెళితే బొమ్మలు వస్తాయి, కానీ ఎనిమిది మంది ఆరుగురవుతారు, వరస వంకర తిరుగుతుంది. మధ్యలో ఎక్కడ ఆపినా ఒకటి వదులుకోక తప్పదు.

అప్పటి ప్రాంప్టులను చదివిన భాగం క్లిప్ అనే మోడల్. బొమ్మలనూ వాటి కింద రాసిన వాక్యాలనూ జత కలిపి నేర్చుకున్నది అది. అది ఒకేసారి చదవగలిగేది 77 టోకెన్లు, అంటే మాట ముక్కలు. ఫోటో కింద ఉన్న వర్ణనను అది పట్టుకోగలదు, ఆజ్ఞను కాదు. "అమరిక మార్చొద్దు" అన్న వాక్యం ఏ ఫోటో వర్ణనలోనూ ఉండదు కాబట్టి, దాన్ని పాటించే మార్గం ఆ మోడల్‌కు లేదు. "కాదు", "వద్దు" లాంటి మాటలు దానికి దాదాపు ఆనవు. మా ప్రాంప్టులో చివర ఉన్న నాణ్యత ముద్రలు ఈ కాలానివే. వాటికి అప్పట్లో కొంత పని ఉండేది.

2023 ఫిబ్రవరిలో వచ్చిన కంట్రోల్‌నెట్ ఆ చిక్కును విప్పింది. ల్వ్‌మిన్ జాంగ్, ఆయన స్టాన్‌ఫర్డ్ సహచరులు చేసిన పని అది. అమరికను కాపాడే బాధ్యతను మాటల నుంచి తీసి ఒక మ్యాపుకు ఇచ్చారు. ఆ మ్యాపు అంచుల గీతలు కావచ్చు, ఒంటి కీళ్ల గీతలు కావచ్చు, డెప్త్ కావచ్చు. డెప్త్ మ్యాపులో దగ్గరివి తెల్లగా, దూరానివి నల్లగా ఉంటాయి. రన్‌వే సంస్థ అదే నెలలో ప్రకటించిన జెన్-1 కూడా వీడియో నిర్మాణాన్ని డెప్త్ నుంచే తీసుకుంది. ఇక నాయిస్‌ను పూర్తిగా కలిపినా మనుషులు తమ చోట్లలోనే ఉంటారు. ప్రాంప్టు రూపాన్ని వర్ణిస్తే చాలు.

మా తాడు మాయమైంది సరిగ్గా ఇక్కడే. మేము వాడినది డెప్త్ మ్యాపు నడిపించే మోడల్. రెండరు చేసే ముందు ఆ మ్యాపును తెరిచి చూడాల్సింది, చూడలేదు. తర్వాత తెరిస్తే, మనుషులు బూడిదరంగు ముద్దలుగా స్పష్టంగా ఉన్నారు, ఇసుక వాలుగా ఉంది, తాడు ఉండాల్సిన చోట ఇసుక రంగే ఉంది. సన్నని వస్తువును డెప్త్ లెక్క వెనకనున్న నేలలో కలిపేస్తుంది. మ్యాపులో లేని తాడు ఫలితంలో ఎక్కడి నుంచి వస్తుంది?

రెండో కారణం కొలతది. ఫోను వీడియోలో 1920 పిక్సెళ్ల వెడల్పుకు తాడు మందం సుమారు 6 పిక్సెళ్లు. మోడల్‌కు ఇచ్చింది 832 వెడల్పు, అంటే తాడు రెండున్నర పిక్సెళ్లకు పడిపోయింది. మోడల్ లోపల ప్రతి 8 పిక్సెళ్లనూ ఒక గడిగా కుదిస్తుంది. ఒక గడిలో మూడో వంతు కూడా లేని వస్తువును నిలబెట్టడం దానికి కష్టం.

ఇంతలో ప్రాంప్టు పని మళ్లీ మారింది. 2022 నవంబరులో బర్క్‌లీ పరిశోధకులు ఇన్‌స్ట్రక్ట్ పిక్స్ టు పిక్స్ తెచ్చారు. మార్పుకు ముందు బొమ్మ, తర్వాత బొమ్మ, మధ్యలో ఆజ్ఞ అన్న జతలు నాలుగున్నర లక్షలకు పైగా తయారుచేసి నేర్పిన మోడల్ అది. అక్కడ "ఇది మార్చు" అన్న మాటకు అర్థం వచ్చింది. ఆ తీరు 2025 నాటికి వీడియోకు కూడా వచ్చింది. ఆ ఏడాది జూలైలో వచ్చిన రన్‌వే అలెఫ్ ఆజ్ఞలు తీసుకునే రకం. అదే ఏడాది అలీబాబా వాన్ మోడళ్ల మీద కట్టిన వేస్ మ్యాపు వీడియోనూ, వర్ణననూ కలిపి తీసుకునే రకం. రెండు రకాలూ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నాయి. రెంటికీ ఒకే ప్రాంప్టు అతికిస్తున్నాం, పొరపాటు అక్కడే జరుగుతోంది.

మేము ఆ క్లిప్పును వేస్‌తో మళ్లీ మొదలుపెట్టాం. ఫ్రేములో ఆకాశాన్నీ ఖాళీ ఇసుకనూ కోసేసి సగం వెడల్పే ఉంచాం, తాడు అయిదు పిక్సెళ్లకు వచ్చింది. వాన్ సెకనుకు 16 ఫ్రేముల చొప్పున 81 ఫ్రేములు తీసుకుంటుంది కాబట్టి క్లిప్పును ముందే 16కు మార్చుకున్నాం. డెప్త్‌కు బదులు అంచుల మ్యాపు పెట్టి చూస్తే తాడు వచ్చింది గానీ, చొక్కా ముడతలూ లుంగీ మడతలూ అన్నీ గీతలై బొమ్మల ఒంటి మీదికి ఎక్కాయి, లక్క నునుపు పోయింది. దాంతో డెప్త్ మ్యాపునే ఉంచి, దాని మీద తాళ్లను చేత్తో గీశాం. లాగిన తాడు దాదాపు సరళరేఖ కాబట్టి రెండు కొసలు చాలు. ప్రతి పది ఫ్రేములకు ఒకసారి కొసలను సరిచేసి, మధ్యవి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కు వదిలేశాం. గీత రంగు పక్క ఇసుక కంటే కొద్దిగా తెలుపు. పూర్తి తెలుపు పెడితే తాడు కెమెరా ముందుకు వచ్చి మనుషులకు అడ్డంగా వేలాడింది. రోటోస్కోప్ గీసేవాడు చేసే పనిని ఆ కాస్త మేర మేమే చేశాం.

ప్రాంప్టు నుంచి ఆజ్ఞలన్నీ తీసేశాం. ఏటికొప్పాక అన్న పేరూ తీసేశాం, ఎంతో ఇష్టంగా పెట్టుకున్న మాట అయినా సరే. 2017లో భౌగోళిక గుర్తింపు దక్కిన మన బొమ్మల పేరు ఆ మోడల్‌కు తెలియదు. ఆ మాటకు రష్యా బొమ్మల్లాంటి మొహాలు ఇచ్చింది. పేరుకు బదులు పదార్థాన్నీ, తయారీనీ చెప్పాం:

```
turned-wood toy figures in two rows hauling thick taut ropes
on a beach, glossy lacquer, smooth rounded bodies,
bands of red, yellow and green, static camera
```

ఇదే పనిని ఆజ్ఞలు తీసుకునే మోడల్‌కు ఇచ్చి ఉంటే దృశ్యాన్ని తిరిగి వర్ణించాల్సిన పని లేదు. ఏది మారాలి, ఏది అలాగే ఉండాలి అన్నవి రెండూ చెప్పాలి:

```
Change the people and ropes into turned-wood lacquer toys.
Keep every pose and position, the camera and the timing.
The ropes stay taut in their hands.
```

ఫలితాన్ని సరిచూడటానికి కొత్త వీడియోను సగం పారదర్శకంగా చేసి పాతదాని మీద పరిచి, సగం వేగంతో నడిపాం. చూడాల్సింది మొహాలను కాదు, ఆనిక ఉన్న చోట్లను. మడమ ఇసుకను తాకే చోటు, పిడికిలి తాడును పట్టిన చోటు రెండు పొరల్లోనూ కలవాలి. మడమలు కలిశాయి, తాళ్లు చేతుల్లోనే ఉన్నాయి. ముందు వరసలో రెండో మనిషి చేయి మార్చి పట్టుకునే క్షణం మాత్రం కలవలేదు. అసలు వీడియోలో అతను ఠక్కున వదిలి ఠక్కున పట్టాడు, బొమ్మ చేయి తాడు మీద జారుకుంటూ వెళ్లింది. ఈ మోడల్ నాలుగేసి ఫ్రేములను ఒకటిగా కుదిస్తుంది, అంటే పావు సెకను. అంతకంటే వేగంగా జరిగింది అందులో మెత్తబడిపోతుంది. ఆ క్లిప్పును 48 ఫ్రేముల వేగంతో తీసి, మూడింతలు నెమ్మదిగా మోడల్‌కు ఇచ్చి, వచ్చినదాన్ని మళ్లీ వేగం పెంచుకుంటే ఆ పట్టు దొరకవచ్చు. మా ఫోను వీడియో 30 ఫ్రేములది. వచ్చే వారం వల వేసే రోజు కనుక్కుని, మళ్లీ తీయడానికి వెళుతున్నాం.