వయసుతో కలలు మారతాయా? 53 ఏళ్ల కలల డైరీలో దొరికింది ఏమిటంటే

మా నాన్న రిటైరై పదకొండేళ్లయింది. ఇప్పటికీ కలలో ఆఫీసుకి వెళ్తూనే ఉంటారు. బీరువా తాళంచెవి కనిపించదు, ఎదురుగా ఆడిటర్ కూర్చుని ఉంటాడు, జేబులన్నీ తడుముకుంటుండగా మెలకువ వచ్చేస్తుంది. నాకేమో నలభై ఏడేళ్లొచ్చినా లెక్కల పరీక్ష పోలేదు, పేపరు ఇచ్చి అరగంటయ్యాక పెన్ను పనిచేయడం లేదని తెలుస్తుంది. వయసు మళ్లేకొద్దీ కలలు బాల్యం వైపు వెళ్తాయని, రిటైరైతే ప్రశాంతమైన కలలొస్తాయని చాలామంది అంటుంటారు కదా, మరి మా ఇంట్లో ఇదేమిటని వెతకడం మొదలుపెట్టాను.

ఈ ప్రశ్నకి లెక్కలతో జవాబు వెతికినవాళ్లలో ముందుగా చెప్పుకోవాల్సింది అమెరికన్ సైకాలజిస్టు కాల్విన్ హాల్ గురించి. అంతకుముందు కలల గురించి ఎక్కువగా రాసింది ఫ్రాయిడ్ లాంటి డాక్టర్లు. వాళ్ల దగ్గరున్నవి పేషెంట్లు చెప్పిన కలలు, తమకొచ్చిన కలలు. హాల్ అర్థాలు చెప్పడం పక్కనపెట్టి లెక్కపెట్టడం మొదలెట్టాడు. కలలో ఎంతమంది ఉన్నారు, ఎవరు ఎవరికి సాయం చేశారు, ఏం పోయింది, ఏం చెడింది, ఇలా. గొడవలకైతే ఎనిమిది మెట్లున్నాయి, మనసులో కోపం పెట్టుకుని పైకి ఏమీ అనకపోవడం మొదటి మెట్టు, చంపడం ఎనిమిదోది. తోటి సైకాలజిస్టు రాబర్ట్ వాన్ డి కాసిల్‌తో కలిసి 1966లో ఈ పద్ధతిని పుస్తకంగా వేశాడు. అందులో ప్రమాణంగా పెట్టుకున్నవి 1,000 కలలు, 100 మంది అబ్బాయిలవి, 100 మంది అమ్మాయిలవి, తలా ఐదు. చిక్కేమిటంటే వాళ్లందరూ కాలేజీ విద్యార్థులు. అంటే మనిషి కల ఇలా ఉంటుంది అని మనం అనుకునే కొలబద్ద ఇరవై ఏళ్ల అటూఇటూ వాళ్లది. అరవై ఏళ్లాయన కలని దాంతో పోల్చి తేడా ఉందంటే, అది వయసు వల్ల వచ్చిన తేడానా, వేరే మనిషి కావడం వల్లా?

అందుకే ఒకే మనిషిని ఏళ్ల తరబడి చూడాలి. అలాంటి డైరీ ఒకటి హాల్‌కి దొరికింది. పరిశోధనల్లో ఆమెని డొరోతియా అనే మారుపేరుతో పిలుస్తారు. 1912లో, 25 ఏళ్ల వయసులో కలలు రాసుకోవడం మొదలెట్టి, 1965లో 78వ ఏట చనిపోవడానికి కొద్దిరోజుల ముందు దాకా రాసింది. మొత్తం 904 కలలు.

వయసు పెరిగేకొద్దీ ఆమె కలలు బాల్యంలోకి వెనక్కి వెళ్లాయా అన్నదే పరిశోధకులు ముందుగా వెతికింది. వెళ్లలేదు. తేలింది ఇంకొకటి. ఆరు విషయాలు ఆమె కలల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. తిండి తినడమో దాని గురించి ఆలోచించడమో సుమారు నాలుగైదు కలల్లో ఒకదానిలో, ఏదో వస్తువు పోవడం ఆరింట ఒకదానిలో, ఇరుకు గదో చిందరవందర గదో పదింట ఒకదానిలో, తల్లి కూడా అంతే. బాత్రూమ్‌కి వెళ్లాలని తంటాలు పడటం పన్నెండింట ఒకటి, ఆలస్యమైపోయిందనో బస్సు తప్పిపోయిందనో కంగారు పదహారింట ఒకటి. ఆశ్చర్యమేమిటంటే ఈ లెక్క పాతికేళ్లప్పుడూ డెబ్భై దాటాకా దాదాపు ఒకేలా ఉంది. మధ్యలో రెండు ప్రపంచ యుద్ధాలు వచ్చి పోయాయి, ఆమె వస్తువులు మాత్రం కలలో పోతూనే ఉన్నాయి. (ఇది చదివాక మా నాన్న తాళంచెవి గురించి బెంగ తగ్గింది.)

అయితే ఇది ఒక్క మనిషి కథే, దీన్నిబట్టి అందరికీ ఇంతే అనలేం. మరి ఈ స్థిరత్వం ఎప్పుడు మొదలవుతుంది? అమెరికన్ సైకాలజిస్టు డేవిడ్ ఫౌల్క్స్ 3 నుంచి 15 ఏళ్ల పిల్లల్ని స్లీప్ ల్యాబ్‌లో పడుకోబెట్టి, కళ్లు చకచకా కదిలే రెమ్ నిద్రలో లేపి ఏం కనిపించిందని అడిగాడు. మరీ చిన్నపిల్లలు చాలాసార్లు ఏమీ లేదన్నారు, చెప్పినా కదలని బొమ్మలాంటి దృశ్యమే. కథ నడవడం, అందులో తాను పాల్గొనడం నెమ్మదిగా వస్తాయి, టీనేజీ నాటికి పెద్దల కలల రూపం వచ్చేస్తుంది. అంటే కలలో పెద్ద మార్పు జరిగేది ముసలితనంలో కాదు, టీనేజీలోకి అడుగుపెట్టేలోపే.

ఆ తర్వాత మారేవి కూడా ఉన్నాయి, కానీ మనం అనుకునేవి కావు. మొదటిది, కల గుర్తుండటం తగ్గుతుంది. పెద్దవాళ్లు నాకు కలలే రావడం లేదంటే చాలావరకు అర్థం గుర్తుండటం లేదని. అందుకే పొద్దున లేచి చెప్పిన కలల్ని వయసుల వారీగా పోల్చేటప్పుడు జాగ్రత్తగా ఉండాలి, బాగా కదిలించిన కలలే గుర్తుండి మామూలువి జారిపోయి ఉండొచ్చు.

ఇలా పోల్చేటప్పుడు ఇంకో ఉచ్చు, తరాల తేడా. పెద్దవాళ్లలో కొందరు నలుపు తెలుపు కలలొస్తాయంటారు, వయసు ప్రభావమేమో అనిపిస్తుంది. స్కాట్లాండ్‌లో ఎవా మర్జిన్ అనే పరిశోధకురాలు 2008లో దీన్ని విడదీసి చూసింది. పాతికలోపు వాళ్లలో ఇలాంటి కలలు 5 శాతం కూడా లేవు. 55 దాటి, చిన్నప్పుడు నలుపు తెలుపు టీవీ, సినిమాలే చూసినవాళ్లలో సుమారు పావువంతు. అదే వయసువాళ్లయినా చిన్నప్పుడే రంగుల తెర చూసినవాళ్లకి 7 శాతం దాకానే. అంటే తేడా తెచ్చింది ముసలితనం కాదు, చిన్నప్పుడు చూసిన తెర.

వయసుతో నిజంగా మారే రెండోది, కలల్లో గొడవ తగ్గడం. టీనేజీలో, ఇరవైల్లో తరమడం, కొట్టడం, పీడకలలు ఎక్కువ, తర్వాత సగటున నెమ్మదిస్తాయి. అందుకే యాభై దాటాక ఎవరికైనా ఉన్నట్టుండి పోట్లాట కలలు మొదలై, నిద్రలోనే గుద్దులు విసరడం, తన్నడం, మంచం మీంచి దూకడం కనిపిస్తే దాన్ని నవ్వి వదిలేయకూడదు. మామూలుగా రెమ్ నిద్రలో కండరాలు బిగువు వదిలేసి ఉంటాయి కాబట్టి కలలో పరిగెత్తినా మంచంమీదే ఉంటాం. ఆ అడ్డు తొలగిపోతే కల ఒంట్లోకి వచ్చేస్తుంది. దీన్ని ఒక జబ్బుగా 1986లో అమెరికాలో మినియాపొలిస్ డాక్టర్లు షెంక్, మహోవాల్డ్ వర్ణించారు. లేపితే వెంటనే తెలివిలోకి వచ్చి కల చెబుతారు, ఆ కలకీ చేతుల కదలికకీ పొంతన ఉంటుంది, అదీ గుర్తు. కొన్ని డిప్రెషన్ మందుల వల్ల కూడా ఇది రావొచ్చు గానీ, మందులతో సంబంధం లేకుండా వచ్చినవాళ్లలో చాలామందికి ఏళ్ల తర్వాత పార్కిన్సన్స్ లాంటి జబ్బులు బయటపడ్డాయి. రాత్రి పడుకోబెట్టి చేసే నిద్ర పరీక్షలో కండరాల కదలిక చూసి నిర్ధారిస్తారు, న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లాలి. నిద్రలో గొణగడం ఒక్కదాన్నిబట్టి ఇది ఈ జబ్బేనని చెప్పలేం.

ఇది చదివి టెన్షన్‌తో అమ్మని అడిగాను, నాన్న నిద్రలో చేతులూ కాళ్లూ ఏమైనా విసురుతారా అని. "అబ్బే, కదలరు. తాళంచెవి నువ్వు తీశావా అని మాత్రం అడుగుతారు," అంది.