సార్టింగ్ బిట్లు: మార్కులు ఎక్కడ పోతాయి? అపోహలు - వాస్తవాలు

గేట్‌లో అయినా ప్లేస్‌మెంట్ టెస్టులో అయినా సార్టింగ్ మీద వచ్చే బిట్లలో చాలావరకు మూడు పాత సార్టుల చుట్టూనే తిరుగుతాయి: బబుల్, సెలక్షన్, ఇన్సర్షన్. ఒకే అర్రే తీసుకుని మూడింటినీ నడిపిస్తే అపోహలన్నీ బయటపడతాయి. మన అర్రే 7 4 9 2 5. చిన్నది ముందు వచ్చేలా సార్ట్ చేస్తున్నాం.

అపోహ: ఒక పాస్‌లో అర్రే మారలేదంటే సార్టింగ్ అయిపోయినట్టే.

బబుల్ సార్ట్‌కి ఇది నిజం. మిగతా రెండింటికీ కాదు. ప్రతి పాస్ తర్వాత అర్రే ఎలా ఉంటుందో చూడండి:

```
పాస్   బబుల్        సెలక్షన్     ఇన్సర్షన్
1     4 7 2 5 9   2 4 9 7 5   4 7 9 2 5
2     4 2 5 7 9   2 4 9 7 5   4 7 9 2 5
3     2 4 5 7 9   2 4 5 7 9   2 4 7 9 5
4     2 4 5 7 9   2 4 5 7 9   2 4 5 7 9
```

రెండో పాస్‌లో సెలక్షన్, ఇన్సర్షన్ రెండూ అర్రేని కదపలేదు. సెలక్షన్‌లో మిగిలిన వాటిలో చిన్నదైన 4 అప్పటికే తన చోట ఉంది. ఇన్సర్షన్‌లో 9 తన ఎడమనున్న 7 కంటే పెద్దది, జరగాల్సిన పని లేదు. అయినా రెండు చోట్లా సార్టింగ్ మిగిలే ఉంది. బబుల్ మాత్రం ప్రతి పాస్‌లో ఇంకా స్థిరపడని భాగంలోని పక్కపక్క జతలన్నీ పోలుస్తుంది. ఒక్క స్వాప్ కూడా పడలేదంటే ఏ జతా తప్పుగా లేనట్టే.

అపోహ: k పాస్‌లు అయ్యాక మొదటి k అంకెలు వాటి చివరి స్థానాల్లో ఉంటాయి.

అది సెలక్షన్ లక్షణం. బబుల్‌లో స్థిరపడేవి చివరి k అంకెలు: రెండో పాస్ తర్వాత 7 9 చూడండి. ఇన్సర్షన్‌లో మొదటి k+1 అంకెలు వాటిలో అవి వరుసలో ఉంటాయి, అంతే. రెండో పాస్ తర్వాత 4 7 9 చక్కగానే కనిపిస్తాయి, కానీ తర్వాతి పాస్‌లో 2 వచ్చి మూడింటినీ ఒక్కో గడి వెనక్కి నెడుతుంది. ఇక్కడ ఇంకో చిన్న మెలిక ఉంది. ఇన్సర్షన్‌లో మొదటి పాస్ అంటే రెండో అంకెను చొప్పించడం. ప్రశ్నలో ఇచ్చిన లూప్ `i = 0` నుంచి మొదలైతే లెక్కలో ఒక పాస్ తేడా వస్తుంది, ముందు అది చూసుకోండి.

చేత్తో చేసింది సరిచూసుకోవడానికి ఒక దారి: పెద్దది ముందు, చిన్నది వెనక ఉన్న జతలు లెక్కపెట్టండి. మన అర్రేలో అవి ఆరు. బబుల్‌లో మొత్తం స్వాపులు (3+2+1), ఇన్సర్షన్‌లో మొత్తం జరుపుళ్లు (1+0+3+2) రెండూ ఆరే రావాలి.

అపోహ: బబుల్ సార్ట్ బెస్ట్ కేస్ ఎప్పుడూ O(n).

స్వాప్ జరిగిందో లేదో గుర్తుపెట్టుకునే ఫ్లాగ్ కోడ్‌లో ఉంటేనే. ఫ్లాగ్ ఉంటే ముందే సార్ట్ అయిన ఐదు అంకెలకు 4 పోలికలతో ఆగిపోతుంది. లేకపోతే 4+3+2+1, అంటే 10 పోలికలూ చేస్తుంది. సెలక్షన్‌కి ఏ అర్రే ఇచ్చినా ఆ 10 తప్పవు.

అపోహ: ఇన్సర్షన్ సార్ట్ అంటే స్టేబుల్. కోడ్ చూడక్కర్లేదు.

```c
while (j >= 0 && a[j] > key) {
    a[j+1] = a[j];
    j--;
}
```

ఇందులో `a[j] > key` దగ్గర `>` బదులు `>=` పెడితే స్టెబిలిటీ పోతుంది, అంటే సమానమైనవి మొదట ఉన్న వరుసలోనే మిగలవు. పేర్ల వరుసలో ఉన్న జాబితాను మార్కుల ప్రకారం సార్ట్ చేస్తున్నామనుకోండి: అనిత 70, గోపి 70, భాను 55. `>` ఉంటే భాను, అనిత, గోపి వస్తారు. `>=` ఉంటే గోపి వంతు రాగానే సమాన మార్కులున్న అనిత వెనక్కి జరుగుతుంది, చివరికి భాను, గోపి, అనిత అవుతారు. ఫలితంలో మార్కుల వరుస మాత్రం సరిగ్గానే ఉంటుంది కాబట్టి ఈ తప్పు అంకెలతో టెస్ట్ చేస్తే దొరకదు.

సెలక్షన్‌లో చిక్కు గుర్తులో లేదు, దూరపు స్వాప్‌లో ఉంది. మొదటి పాస్‌లో భాను, అనిత చోట్లు మార్చుకుంటారు. అనిత ఒక్క దూకుతో గోపిని దాటి చివరికి పోతుంది, తర్వాత ఏ పాస్ ఆమెను వెనక్కి తేదు. స్వాప్ మానేసి, మధ్యవాళ్లను ఒక్కో గడి జరిపి భానుని ముందు చొప్పిస్తే సెలక్షన్ కూడా స్టేబుల్ అవుతుంది, జరుపుళ్ల ఖర్చు పెరుగుతుంది.

ఆ `>=` ఇంకో దెబ్బ కూడా కొడుతుంది. అన్నీ సమానమైన n అంకెలు ఇస్తే, `>` ఉన్న కోడ్ n−1 పోలికలతో ముగిస్తుంది, అది దాని బెస్ట్ కేస్. `>=` ఉన్న కోడ్ ప్రతి అంకెనూ మొదటి గడిదాకా లాక్కెళ్లి n(n−1)/2 పోలికలు చేస్తుంది. అదే ఇన్‌పుట్ దానికి వర్స్ట్ కేస్.