ఉబ్బిన డబ్బాలు, కట్టని బిల్లు: ఒకే దావాలో రెండు లెక్కలు

జూన్ వచ్చిందంటే చిత్తూరు చుట్టుపక్కల మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు ఊపిరి సలపదు. తోతాపురి కాయ లోడు మీద లోడు దిగుతుంటుంది. ఆ హడావిడిలో ఒక చిన్న ఫ్యాక్టరీ యజమాని 6,000 ఖాళీ డబ్బాలు, మూతలతో సహా, ఒక్కోటి 40 రూపాయల చొప్పున తెప్పించుకున్నాడనుకుందాం. మొత్తం బిల్లు 2,40,000. సరుకు 2022 జూన్ 10న దిగింది. డబ్బు కట్టడానికి 30 రోజుల గడువు. ఇది లెక్క తేలిగ్గా అర్థం కావడానికి నేను కల్పించిన ఉదాహరణే. కానీ ఇలాంటి గొడవలు ఎలా మొదలవుతాయో, ఎక్కడ ఇరుక్కుపోతాయో ఇందులో మొత్తం కనిపిస్తుంది.

గుజ్జు నింపి, సీలు వేసి, గోడౌన్‌లో పేర్చిన రెండు వారాలకు కొన్ని డబ్బాలు ఉబ్బడం మొదలైంది. మూత అంచు సరిగా పట్టని చోట గాలి దూరి, గుజ్జు పులిసి, లోపల గ్యాస్ పుట్టింది. లెక్కపెడితే 1,100 డబ్బాలు పాడయ్యాయి. ఒక్కో డబ్బాలో 200 రూపాయల గుజ్జు. అంటే గుజ్జు రూపంలో 2,20,000 పోయింది. ఏరి పక్కన పెట్టడానికి, పారబోయడానికి కూలి, బండి కలిపి 30,000. డబ్బాల ఖరీదే 44,000. మొత్తం నష్టం 2,94,000.

సప్లయర్ ఫోన్ చేసి "బిల్లు సంగతి ఏమైంది అన్నా" అంటే, ఇతను "నువ్వే నాకు ఎదురు ఇయ్యాల కదా తమ్ముడూ" అన్నాడు. అక్కడితో మాటలు ఆగిపోయాయి. తర్వాత లాయరు నోటీసు, ఆ తర్వాత దావా.

బిల్లు కోసం సప్లయర్ వేసిన దావాలోనే ఈ నష్టాన్ని కూడా తేల్చమని అడగవచ్చా? ఇవాళ అడగవచ్చు. కానీ ఇంత సూటి జవాబు రావడానికి వందేళ్లకు పైనే పట్టింది. ఆ పాత గీతలు ఇప్పటికీ చెరిగిపోలేదు. అవి తెలియకుండా కోర్టుకు వెళ్లినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

మొదటి గీత 1841లో ఇంగ్లండులో పడింది. మాండెల్ వర్సెస్ స్టీల్ అనే కేసు. ఓడ కట్టించుకున్న వ్యక్తి, అది ఒప్పుకున్న నాణ్యతలో లేదన్నాడు. ఓడ కట్టినవాడు ధర కోసం వేసిన దావాలో, తక్కువ నాణ్యత మేరకు ధర తగ్గించుకోవచ్చని కోర్టు ఒప్పుకుంది. అయితే ఆ లోపం వల్ల తర్వాత పెట్టాల్సి వచ్చిన మరమ్మతు ఖర్చు వేరే నష్టమని, దానికి వేరే దావా వేసుకోవచ్చని చెప్పింది. మన ఉదాహరణలో 44,000 మొదటి రకం: పాడైన డబ్బాకు విలువే లేదు కాబట్టి ధరలో తగ్గిపోతుంది. గుజ్జు, కూలి కలిపిన 2,50,000 రెండో రకం. ఈ తేడా కడదాకా వెంట వస్తుంది.

మన దేశంలో 1859 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెట్ ఆఫ్‌ను ఒప్పుకుంది. కానీ అది అప్పుకు అప్పు చెల్లు వేసుకోవడం మాత్రమే. 1908 కోడ్ ఆర్డర్ 8 రూల్ 6 కూడా అదే మాట: ప్రతివాదికి రావలసింది ముందే తేలిన మొత్తమై ఉండాలి. మీ దగ్గర సప్లయర్ రాసిచ్చిన ప్రోనోటు ఉంటే అది తేలిన మొత్తం. ఉబ్బిన డబ్బాల నష్టం అలాంటిది కాదు. ఎంతో కోర్టు తేల్చేదాకా అది అప్పు కానే కాదు. ఇన్సూరెన్స్ చేయించకుండా వదిలేసినందుకు పరిహారం అడిగితే దాన్ని సెట్ ఆఫ్ చేయలేమని ఆ రూల్ కిందే ఉదాహరణగా రాశారు. మనవాళ్లు "నాకు రావలసింది నేను పట్టుకున్నాను" అంటుంటారు. వాడుకలో అది న్యాయంగానే వినిపిస్తుంది. రూల్ 6 మాత్రం దాన్ని ఒప్పుకోదు.

ఆ ఇరుకును 1908 కోడ్ రాకముందే కొంత సడలించింది మద్రాసు హైకోర్టు. 1865లో క్లార్క్ వర్సెస్ రత్నవేలు చెట్టి కేసులో, రెండు లెక్కలూ ఒకే లావాదేవీ నుంచి పుట్టినప్పుడు, ఒకరికి డిక్రీ ఇచ్చి రెండోవాణ్ని వేరే దావాకు పంపడం అన్యాయమైతే, మొత్తం ముందే తేలకపోయినా చెల్లు వేయవచ్చని చెప్పింది. దీన్నే ఈక్విటబుల్ సెట్ ఆఫ్ అంటారు. అప్పట్లో చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం, మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడిన తర్వాత కూడా, 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా ఇక్కడి వర్తకుల గొడవలు మద్రాసు ప్రెసిడెన్సీ, రాష్ట్రం కిందే నడిచాయి. అందుకే ఈ తీర్పు మనకు పరాయిది కాదు. కాకపోతే ఇందులో ఒక మెలిక ఉంది. ఇది హక్కుగా అడిగేది కాదు, కోర్టు విచక్షణ. పైగా ఇది బిల్లుకు అడ్డం పెట్టే డాలు. బిల్లు కంటే నష్టం ఎక్కువైతే ఆ పై మొత్తాన్ని దీనితో రాబట్టుకోవడం కష్టం.

1930లో వచ్చిన సరుకుల విక్రయ చట్టం ఓడ కేసులోని సూత్రాన్ని సెక్షన్ 59లో రాసిపెట్టింది. వారంటీ తప్పినప్పుడు కొనుగోలుదారు దాన్ని చూపించి ధర తగ్గించుకోవచ్చు, పూర్తిగా ఎగరగొట్టనూ వచ్చు. లేదా నష్టానికి దావా వేయవచ్చు. ధర తగ్గించుకున్నంత మాత్రాన అదనపు నష్టం అడిగే హక్కు పోదు. మన యజమానికి ఈ సెక్షన్ ఎందుకు ముఖ్యమంటే, డబ్బాల్లో గుజ్జు నింపేశాడు కాబట్టి "సరుకు నాకొద్దు, తీసుకుపో" అనే దారి దాదాపు మూసుకుపోయింది. సరుకు వాడుకుంటే అంగీకరించినట్టే. అలా అంగీకరించాక మిగిలేది ధర తగ్గింపు, పరిహారం మాత్రమే.

అసలు మార్పు 1976 సవరణతో వచ్చింది. 1977 ఫిబ్రవరి 1 నుంచి రూల్ 6ఏ అమల్లోకి వచ్చి, ప్రతివాది అదే దావాలో కౌంటర్ క్లెయిమ్, అంటే తన ఎదురు దావా, వేయవచ్చని, అది నష్టపరిహారమైనా సరే అని స్పష్టంగా చెప్పింది. దానికి ప్లెయింట్‌కు, అంటే దావా పత్రానికి, ఉన్న బలమే ఉంటుంది. కోర్టు ఫీజు కూడా ప్లెయింట్‌లాగే కట్టాలి. తర్వాత సప్లయర్ తన దావా వెనక్కు తీసుకున్నా, అది కొట్టేసినా, కౌంటర్ క్లెయిమ్ తన దారిన తాను నడుస్తుంది. కాబట్టి ఇది డాలుతో ఆగదు, కత్తి కూడా.

ఇప్పుడు మన లెక్కకు వద్దాం. రిటన్ స్టేట్‌మెంట్‌లో, అంటే దావాకు ఇచ్చే రాతపూర్వక జవాబులో, యజమాని రెండూ వేరువేరుగా రాయాలి. డబ్బాల విలువ 44,000 ధర తగ్గింపుగా, గుజ్జు, కూలి 2,50,000 కౌంటర్ క్లెయిమ్‌గా, దాని మీద ఫీజు కట్టి. అన్నీ రుజువైతే బిల్లులో మిగిలేది 1,96,000. అది 2,50,000లో పోతే, 54,000కి డిక్రీ యజమానికే వస్తుంది. కౌంటర్ క్లెయిమ్ వేయకుండా ఉత్తి వాదన మాత్రమే పెట్టి ఉంటే, మహా అయితే సప్లయర్ దావా కొట్టేస్తారు, ఆ 54,000 చేతికి రాదు.

రుజువు దగ్గరే చాలామంది జారిపోతారు. సప్లయర్ చెప్పే మొదటి మాట: "మూత బాగానే ఉంది, మీ సీలింగ్ మిషన్ సెట్టింగే సరిగా లేదు." మూత తయారు చేసింది ఒకరు, దాన్ని డబ్బాకు బిగించింది ఇంకొకరు. అందుకే ఈ వాదన తోసేయదగ్గది కాదు. దానికి గట్టి జవాబు ఒక్కటే. అదే వారం, అదే మిషన్ మీద వేరే లాటు మూతలు వేసినవి బాగున్నాయని రికార్డు ఉండాలి. మూతల మీది లాటు నంబర్లు, రోజువారీ సీలు చెక్ చేసిన పుస్తకం, పాడైన డబ్బాల్లో కొన్నిటిని పారేయకుండా సీలు వేసి దాచడం, వచ్చి చూడమని సప్లయర్‌కు రాతపూర్వకంగా చెప్పడం, ఇవి లేకపోతే 1,100 అన్న అంకె మీద కోర్టుకు నమ్మకం కలగదు.

ఇంకో చిక్కు. మొదటి డబ్బాలు ఉబ్బిన తర్వాత కూడా యజమాని అవే మూతలతో నింపుతూ పోయాడనుకుందాం. 400 డబ్బాలు అలా పాడయ్యాయి. 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 73 ప్రకారం, ఆపగలిగిన నష్టాన్ని ఎదుటివాడి నెత్తిన వేయడం కుదరదు. అప్పుడు లెక్కలోకి వచ్చేవి 700 డబ్బాలే. తగ్గింపు 28,000. బిల్లు బాకీ 2,12,000. గుజ్జుకు 1,40,000, కూలి బండికి కోర్టు 20,000 ఒప్పుకుందనుకుంటే, మొత్తం 1,60,000. ఇప్పుడు డిక్రీ తిరగబడింది, యజమానే 52,000 కట్టాలి. "ఈ గొడవ వల్ల ఫలానా పెద్ద ఆర్డర్ పోయింది" అని లక్షలు అడగడమూ అంతే. ఆ ఆర్డర్ సంగతి సరుకు కొన్నప్పుడే సప్లయర్‌కు తెలుసని చూపించలేకపోతే అది దూరపు నష్టం కింద పోతుంది.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది మాత్రం తేదీల సంగతి. బాకీ కోసం దావా వేయడానికి మూడేళ్లు. గడువు ఇచ్చిన సరుకుకు ఆ మూడేళ్లు గడువు ముగిసిన రోజు నుంచి మొదలవుతాయి. అంటే మన సప్లయర్‌కు 2025 జూలై 10 దాకా సమయం ఉంది. పాడు సరుకు ఇచ్చినందుకు పరిహారానికీ మూడేళ్లే, కానీ అవి ఒప్పందం తప్పిన రోజు నుంచి, అంటే సరుకు దిగిన 2022 జూన్ 10 నుంచి లెక్క. యజమాని గడియారం ఒక నెల ముందే ఆగిపోతుంది. లిమిటేషన్ చట్టం 1963, సెక్షన్ 3 ప్రకారం, సెట్ ఆఫ్‌ను అసలు దావా వేసిన రోజునే వేసినట్టు చూస్తారు. కౌంటర్ క్లెయిమ్‌ను మాత్రం అది కోర్టులో వేసిన రోజు నుంచే చూస్తారు.

సప్లయర్ 2025 జూలై 5న దావా వేశాడనుకోండి. సమన్లు అందేసరికి ఆగస్టు, జవాబు వేయడానికి 30 రోజులు, కోర్టు ఒప్పుకుంటే 90. అప్పటికి 2,50,000 కౌంటర్ క్లెయిమ్‌కు కాలదోషం పట్టేసింది. మిగిలేది 44,000 తగ్గింపు. మిగతాది ఈక్విటబుల్ సెట్ ఆఫ్‌గా అడగవచ్చు గానీ అది కోర్టు విచక్షణ మీదే ఆధారపడుతుంది. నష్టం నిజం, లోపం నిజం, అయినా డబ్బు పోతుంది.

కాలం ఉన్నా ఆలస్యం చేయకూడదు. 2019 నవంబరు 19న సుప్రీంకోర్టు అశోక్ కుమార్ కల్రా కేసులో, రిటన్ స్టేట్‌మెంట్ వేసిన తర్వాత కూడా కౌంటర్ క్లెయిమ్ వేయవచ్చని, కానీ మామూలుగా ఇష్యూస్, అంటే కోర్టు తేల్చాల్సిన ప్రశ్నలు, ఖరారైన తర్వాత కుదరదని చెప్పింది. ఆ లోపు వేసినా, ఆలస్యానికి కారణం చూసి ఒప్పుకోవాలో వద్దో కోర్టు తేలుస్తుంది.

మొత్తాన్ని మూడు లక్షల లోపు ఉంచింది కావాలనే. ఆ పైన ఉంటే వ్యాపార వివాదాలకు కమర్షియల్ కోర్టుల చట్టం వర్తించి, దావాకు ముందు మధ్యవర్తిత్వం వంటి మెట్లు వేరుగా ఉంటాయి. మన యజమాని మాత్రం 2025 జూన్ 10 లోపు, సప్లయర్ దావా కోసం చూడకుండా, నష్టానికి తనే ముందుగా ఒక దావా వేసి ఉండాల్సింది. తర్వాత బిల్లు దావా వచ్చినప్పుడు రెండూ కలిపి విచారించమని కోర్టును అడగవచ్చు.