అపోహలు - వాస్తవాలు: ఫోటోలో టోపీ తీస్తే కింద జుట్టు ఉండదు

"అన్నా, ఆ టోపీ ఒక్కటీ తీసేయండి, కింద జుట్టు ఉంటుందిగా."

గుంటూరు అరండల్‌పేటలో రీటచింగ్ పని మొదలుపెట్టాక ఈ మాట వినని వారం లేదు. అడిగేవాళ్లు ఎక్కువగా ఇంట్లో మనిషి పోయి నాలుగైదు రోజులైనవాళ్లు. పెద్దకర్మ నాటికి పటం కావాలి. ఈమధ్య తీసిన మంచి ఫోటో ఒక్కటే ఉంటుంది, అందులో ఆయన టోపీ పెట్టుకునో, తలకి తువ్వాలు చుట్టుకునో ఉంటారు. వాళ్లని ఏమంటాం, పాపం. "సాఫ్ట్‌వేర్‌లో టోపీ లాగేస్తే కింద ఉన్నది కనపడుద్ది, ఐదు నిమిషాల పని" అని చెప్పి పంపేవాళ్లని చూస్తేనే ఒళ్లు మండుతుంది.

అపోహ: టోపీ కింద జుట్టు ఫోటోలోనే దాగి ఉంటుంది.

ఉండదు. కెమెరాకి టోపీ గుడ్డే కనిపించింది, అదే ఫోటోలో పడింది. గుడ్డ చెరిపేస్తే మిగిలేది ఖాళీ. నుదురు, జుట్టు, తల పైభాగం, వెనక గోడ అన్నీ మేం కట్టాల్సిందే. దేన్ని చూసి కట్టాలి? ఆ మనిషిదే ఇంకో ఫోటో చూసి. ఈ సంగతి తెలియక జనం ఒక్క ఫోటోతో వస్తారు. పాత ఆల్బమ్ ఊళ్లో బీరువాలో ఉంటుంది, ఆయన ఫోన్ అప్పటికే ఎవరో రీసెట్ కొట్టి వాడుకుంటుంటారు. అసలు నష్టం అక్కడ.

పని నేర్చుకునే రోజుల్లో నేనూ ఒకసారి ఊహించి కట్టాను. నల్లటి ఒత్తు జుట్టు, చక్కటి క్రాఫు. పటం చూసి వాళ్లావిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "ఈయనెవరు బాబూ?" అంది. డబ్బులు తిరిగిచ్చేశాను. ఆ మాట మాత్రం ఇంకా వినపడుతూనే ఉంది.

పోయినేడు చేసిన ఒక పని చెబుతాను. మిర్చి యార్డుకి సరుకు తెచ్చిన రైతు, పురుగుమందుల కంపెనీ వాళ్లు పంచిన టోపీ పెట్టుకుని బస్తాల పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఇంట్లో అందరికీ ఆ నవ్వే కావాలి. కూతుర్ని పాత ఫోటోలన్నీ తెమ్మన్నాను. ఎనిమిదేళ్ల కిందటి తన పెళ్లి ఆల్బమ్ పట్టుకొచ్చింది. అందులో తండ్రి ఫోటోలు పదకొండు ఉంటే నాకు పనికొచ్చింది ఒక్కటి. తల అదే వైపు, ఇంచుమించు అంతే తిరిగి ఉన్నది. అంతకంటే స్పష్టమైనది ఇంకోటి ఉంది కానీ తల రెండోవైపు తిరిగి ఉంది. "తిరగేసి వాడొచ్చు కదా" అంటారు. తిరగేస్తే పాపిడి కూడా అటు మారిపోతుంది. ఎడమ పాపిడి మనిషిని కుడి పాపిడితో చూపిస్తే, తేడా ఎక్కడుందో ఇంట్లోవాళ్లు చెప్పలేరు కానీ మనిషి ఆయన కాదంటారు.

తర్వాత కొలతలు. యార్డు ఫోటోలో కళ్ల గీత నుంచి గడ్డం దాకా 210 పిక్సెళ్లు, పెళ్లి ఫోటోలో 350. అంటే పెళ్లి ఫోటోని 60 శాతానికి తగ్గించాలి. అందులో కనుబొమల నుంచి జుట్టు మొదలయ్యే చోటికి 180 ఉంది, తగ్గిస్తే 108. ఎనిమిదేళ్లలో జుట్టు వెనక్కి పోయి ఉంటుంది కదా, ఎంత? ఆధార్ కార్డు ఫోటో చిన్నదే అయినా పెళ్లి తర్వాత దిగింది, కణతల దగ్గర జుట్టు లోపలికి వెళ్లినట్టు తెలుస్తోంది. నడినెత్తి సంగతి కూతురికీ సరిగ్గా గుర్తులేదు. ఊళ్లో సెలూన్ ఆయనకి ఫోన్ చేయించాను. "నడినెత్తిన పల్చబడింది గానీ బట్టతల కాదండీ" అన్నాడు. దాంతో నుదురు 120 దగ్గర ఆపాను.

కొత్తగా పని నేర్చుకునేవాళ్లు తప్పు చేసేది తల ఎత్తు దగ్గర. టోపీ గుండ్రాన్నే తల అనుకుని దానిమీద జుట్టు పరుస్తారు, తల గుమ్మడికాయలా తయారవుతుంది. కంపెనీ టోపీ బిగువుగా పైకి లేచి ఉంటుంది, తల దానికంటే కిందే ఉంటుంది. ఎదురుగా తీసిన ఫోటోలో కళ్లు ఇంచుమించు తల మధ్యలో వస్తాయి. ఇక్కడ టోపీ కొన కళ్ల గీతకి 250 పైన ఉంది, నేను జుట్టుతో కలిపి 220 దగ్గర ఆపాను. మిగిలిన 30 పిక్సెళ్లలో వెనకున్న బస్తాలు కట్టాలి. వాళ్లు మామూలు నీలం బ్యాక్‌గ్రౌండ్ చాలన్నారు, ఆ బాధ తప్పింది.

జుట్టు ఆకారం పెళ్లి ఫోటో నుంచి తీసుకున్నాను. రంగు మాత్రం యార్డు ఫోటోలో చెవి పైన టోపీ కింద కనిపించే నెరిసిన జుట్టు నుంచే. పెళ్లినాటి నలుపు అలాగే పెడితే కింద తెలుపు, పైన నలుపు, విగ్గులా ఉంటుంది. టోపీ ఆ చెవి మీది జుట్టుని నొక్కి బయటికి తోసేస్తుంది, దాన్ని లోపలికి సర్దాలి. నుదుటికీ జుట్టుకీ మధ్య గీత గీసినట్టు ఉండకూడదు. ఒకటి రెండు పిక్సెళ్ల బ్రష్‌తో, వెంట్రుక మొలిచే దిక్కులో, మధ్య మధ్య చర్మం కనపడేలా ఒక్కోటీ వేయాలి. సగం టైమ్ అక్కడే పోయింది.

అపోహ: టోపీ పోతే నీడా పోతుంది.

మధ్యాహ్నం ఎండలో టోపీ ముందంచు నీడ కళ్ల దాకా, ఒక్కోసారి బుగ్గల దాకా పడుతుంది. టోపీ తీసి నీడ వదిలేస్తే ముఖం కమిలినట్టుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో వెలుగునీడలు సర్దే కర్వ్స్‌తో వెలుగు పెంచితే సరిపోదు. ఎండ పడనిచోట ఆకాశం నీలం వెలుగు పడుతుంది కాబట్టి, వెలుగు మాత్రమే పెంచిన చర్మం బూడిదరంగుకి వస్తుంది. కాస్త ఎరుపు, పసుపు కలపాలి. ఆ తర్వాత నీడ అంచు బుగ్గ మీద గీతలా మిగులుతుంది, ఆ గీత దగ్గర మాస్క్, అంటే మార్పు ఎంతవరకు పడాలో చెప్పే హద్దు, దాని అంచుని విడిగా మెత్తబరిచి కలపాలి.

నుదుటి చర్మం కోసం బుగ్గ నుంచి కాపీ చేయకండి, గడ్డం మొలకలు నుదుటికి ఎక్కుతాయి. ఈయనకి టోపీ కింద 35 పిక్సెళ్ల నుదురు కనిపిస్తోంది, దాన్నే పైకి పెంచాను. ఎప్పుడూ టోపీతో ఎండలో తిరిగే మనిషికి పైనుదురు కొంచెం తేటగా ఉంటుంది, అదీ ఉంచాలి. చివర్లో ఫోటో అంతటా ఉన్న సన్నటి చుక్కల గరుకు ఈ కొత్త భాగంలోనూ కలపాలి. లేకపోతే స్క్రీన్ మీద బాగుంటుంది, ప్రింట్‌లో నుదురొక్కటే ప్లాస్టిక్‌లా మెరుస్తుంది.

మిగతావి త్వరగా. "కొడుకు జుట్టు పెట్టేయండి, ఒకేలా ఉంటారు." ముఖాలు కలుస్తాయేమో, జుట్టు మొదలయ్యే గీత కలవాలని లేదు. "టోపీ తీసి పాస్‌పోర్ట్‌కి ఇవ్వండి." ఇవ్వను, మార్చిన ఫోటో అక్కడ చెల్లదు. మనిషి బతికే ఉన్నారు కదా, టోపీ తీసి స్టూల్ మీద కూర్చోమనండి. "మంకీ క్యాప్ అయినా అంతేగా?" కాదు, చెవులు, చెంపలు కూడా కట్టాలి. ఎదురు ఫోటోతో పాటు పక్క నుంచి తీసిందీ కావాలి.

పాత ఫోటోలు పంపేటప్పుడు వాట్సాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. ఆల్బమ్ అయితే కెమెరా పెట్టి తీయకుండా ఆల్బమే పట్టుకురండి, నేను స్కాన్ చేసుకుని అప్పటికప్పుడే ఇచ్చేస్తాను.