రెండు ఊళ్ల నీడలతో భూమి కొలత: కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

సర్వే పాఠాలు చెప్పే నాకు ప్రతి ఏటా ఎదురయ్యే కథ ఎరటోస్తనీస్‌ది. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో ఈజిప్టులోని అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని చూసుకున్న ఈ పండితుడు నీడ సాయంతో భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన మాట నిజమే గానీ, ఆ కథ చుట్టూ అపోహలు కూడా బాగానే పేరుకున్నాయి. ఆయన సొంత రచన మనకు దక్కలేదు. ఈ పద్ధతిని ప్రధానంగా క్లియోమెడీస్ అనే తర్వాతి రచయిత ద్వారానే తెలుసుకుంటున్నాం.

అపోహ: భూమి గుండ్రంగా ఉందని ఆయనే నిరూపించాడు.

వాస్తవం: ఆ సంగతి అప్పటికే తెలుసు. చంద్రగ్రహణంలో భూమి నీడ అంచు వంపుగా పడటాన్ని అరిస్టాటిల్ అంతకు వందేళ్ల ముందే చూపించాడు. ఎరటోస్తనీస్ భూమి గోళమనీ, సూర్యుడు ఎంతో దూరంలో ఉండటం వల్ల కిరణాలు సమాంతరంగా వస్తాయనీ ముందే అనుకుని లెక్క మొదలుపెట్టాడు. పగలు అన్నిటికన్నా ఎక్కువసేపుండే వేసవి అయనాంతం రోజు మిట్టమధ్యాహ్నం దక్షిణాన ఉన్న సైనీలో, అంటే నేటి ఆస్వాన్‌లో, నీడ ఉండదని ఆయన తీసుకున్నాడు. అదే రోజు అలెగ్జాండ్రియాలో శంకువు అనే నిలువు కర్ర నీడ పూర్తి వృత్తంలో యాభయ్యో వంతు కోణం, అంటే 7.2 డిగ్రీలు చూపింది. సమాంతర రేఖల మధ్య ఏకాంతర కోణాలు సమానం కాబట్టి, భూమి కేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య కోణమూ అంతే. అందుకే వాటి మధ్య దూరం కూడా చుట్టుకొలతలో యాభయ్యో వంతే కావాలి. స్టేడియం అనేది నాటి గ్రీకుల దూరపు కొలత. ఆ దూరం 5,000 స్టేడియాలు, చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు.

నిజానికి రెండు నీడలతో మాత్రమే గుండ్రదనం తేలదు. భూమి బల్లపరుపుగా ఉండి, సూర్యుడు సైనీకి నేరుగా పైన దాదాపు 39,600 స్టేడియాల ఎత్తులో ఉన్నా అలెగ్జాండ్రియాలో అదే 7.2 డిగ్రీలు వస్తుంది. మూడో చోటు కావాలి, అదీ చాలా దూరంలో. సైనీ నుంచి ఉత్తరంగా 10,000 స్టేడియాల దగ్గర గోళం మీద 14.4 డిగ్రీలు, బల్లపరుపు నేల మీద 14.2 డిగ్రీలు వస్తాయి కనుక కంటికి తేడా తెలియడం కష్టం. 30,000 స్టేడియాల దగ్గర మాత్రం 43.2కూ 37కూ మధ్య తేడాను ఎవరైనా పట్టగలరు.

అపోహ: రెండు ఊళ్లలో ఒకే క్షణాన కొలవాలి, కాబట్టి గడియారం కావాలి.

వాస్తవం: ఒకే రోజు అయితే చాలు. ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలిస్తే సరిపోతుంది. అయితే రెండు ఊళ్లు ఒకే రేఖాంశం మీద ఉండాలి, లేదా దూరంలో ఉత్తర దక్షిణ భాగాన్ని మాత్రమే తీసుకోవాలి. ఆస్వాన్ అలెగ్జాండ్రియాకు సుమారు మూడు డిగ్రీలు తూర్పున ఉంది. అందువల్ల వాటి మధ్య నేరు దూరం సుమారు 840 కిలోమీటర్లయితే, ఉత్తర దక్షిణ దూరం 790 మాత్రమే.

అపోహ: సైనీలో నీడ బొత్తిగా లేదు, అలెగ్జాండ్రియా కోణం కచ్చితం.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. ఆ కాలంలో కర్కటరేఖ 23 డిగ్రీల 43 నిమిషాల అక్షాంశం దగ్గర ఉండేది, ఇక్కడ నిమిషమంటే డిగ్రీలో అరవయ్యో వంతు. సైనీ దానికి సుమారు 40 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. ఒక మీటరు కర్రకు అక్కడ ఆరు మిల్లీమీటర్ల నీడ ఉండాలి. కానీ సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బింబం. అందుకే నీడ కొస పలుచబడి మసకగా ఉంటుంది, చిక్కటి నీడ రెండు మిల్లీమీటర్లకు మించదు. అది కనబడకపోవడంలో వింత లేదు.

అలెగ్జాండ్రియాలోనూ అదే కథ. సూర్యబింబం మధ్యబిందువు నుంచి లెక్కేస్తే కోణం 7 డిగ్రీల 29 నిమిషాలు రావాలి, అంటే మీటరు కర్రకు 13.1 సెంటీమీటర్ల నీడ. కొలిచేవాడు చిక్కటి నీడ కొసనే గుర్తుపెడితే, అది బింబం పై అంచుకు చెందిన నీడ. అప్పుడు 16 నిమిషాలు తగ్గి 7 డిగ్రీల 13 నిమిషాలు, అంటే దాదాపు యాభయ్యో వంతే వస్తుంది. మా పిల్లలు కర్ర పాతి నీడ గీసినప్పుడు ఒకే నీడకు ఇద్దరు వేర్వేరు చోట్ల గీత పెట్టేది కూడా ఈ మసక వల్లే. ఇక్కడ ఒక్క మిల్లీమీటరు తేడా చుట్టుకొలతలో సుమారు 300 కిలోమీటర్లు.

అపోహ: జవాబు ఒక శాతం లోపు సరిపోయింది.

వాస్తవం: అది స్టేడియం పొడవును మనం ఎంత తీసుకుంటామన్న దాని మీద ఉంటుంది. ఆయన పేరున తర్వాత ప్రచారంలోకి వచ్చిన 2,52,000 అంకెను 157.5 మీటర్లతో గుణిస్తే 39,690 కిలోమీటర్లు వస్తాయి. ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత 40,008 కనుక ఇది అద్భుతంగా కనిపిస్తుంది. 185 మీటర్ల స్టేడియంతో 2,50,000ను గుణిస్తే మాత్రం 46,250 వస్తాయి, అంటే సుమారు 16 శాతం ఎక్కువ. ఏ పొడవు సరైనదన్న వాదన పండితుల్లో ఇంకా తెగలేదు. 5,000 అన్న గుండు అంకెను చూస్తే, ఆ దూరం కోణమంత జాగ్రత్తగా కొలిచినది కాదనే నాకు అనిపిస్తుంది.