చక్రవడ్డీ, సమాన వాయిదాలు: అపోహలు - వాస్తవాలు

నేను అశోక్‌నగర్‌లో బ్యాంక్, ఎస్‌ఎస్‌సీ పరీక్షలకు అర్థమెటిక్ చెబుతాను. చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునే పిల్లలు రాత్రిపూట లెక్కను ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతారు. కింద ఒకటే ప్రశ్న: "సార్, దీనికి ఏ ఫార్ములా?" వాయిదాల లెక్కల్లో చాలామందికి ఫార్ములాలు వస్తాయి. కాకపోతే ఒక లెక్కది తెచ్చి ఇంకో లెక్కకు పెడతారు. ఇలాంటి లెక్క ఒకటి చూద్దాం:

"ఒక వ్యక్తి రూ.33,100 అప్పు తీసుకుని, 10% వార్షిక చక్రవడ్డీతో, ప్రతి సంవత్సరం చివర ఒకటి చొప్పున 3 సమాన వాయిదాల్లో తీర్చాడు. ఒక్కో వాయిదా ఎంత?"

అపోహ: మూడేళ్లకు చక్రవడ్డీతో మొత్తం లెక్కగట్టి, 3తో భాగిస్తే చాలు.

అలా చేస్తే 33,100 × 1.331 = 44,056. మూడుతో భాగిస్తే సుమారు 14,685. ఆప్షన్లలో ఈ అంకె తరచుగా ఉంటుంది కూడా, పేపర్ తయారుచేసేవాళ్లకు మన అలవాట్లు బాగా తెలుసు.

వాస్తవం: 44,056 అనేది మూడేళ్లూ ఒక్క రూపాయి కూడా కట్టనివాడి బాకీ. మనవాడు మొదటి ఏడాది చివరే ఒక వాయిదా కట్టేశాడు. ఆ డబ్బు మీద మిగిలిన రెండేళ్ల వడ్డీ అతనికి తగ్గాలి. రెండో వాయిదా మీద ఒక ఏడాది వడ్డీ తగ్గాలి. చివరిదాని మీద ఏమీ ఉండదు. అంటే మూడో ఏడాది చివర నిలబడి చూస్తే మొదటి వాయిదా విలువ 1.21 రెట్లు, రెండోది 1.1 రెట్లు, మూడోది ఉన్నదున్నట్టే. వాయిదాను x అనుకుంటే:

```
1.21x + 1.1x + x = 33100 × 1.331
3.31x = 44056.1
x = 13310
```

చూశారుగా, భాగించాల్సింది 3తో కాదు, 3.31తో. తేడా అంతా ఆ 0.31లోనే ఉంది.

సరిచూడటం కష్టమేమీ కాదు. ఏడాది తిరిగేసరికి బాకీ 36,410. వాయిదా పోతే 23,100. మళ్లీ వడ్డీ కలిస్తే 25,410. వాయిదా పోతే 12,100. మూడో ఏడాది వడ్డీతో 13,310, సరిగ్గా ఆఖరి వాయిదా. బాకీ సున్నా. ఇదే పనిని 14,685తో చేసి చూడండి: మూడో ఏడాది చివర బాకీ 10,133 మాత్రమే ఉంటుంది, నాలుగున్నర వేలు అదనంగా కట్టినట్టు. ఏ ఫార్ములా వాడినా ఆఖర్న సున్నా రాకపోతే ఆ జవాబు వదిలేయాల్సిందే.

అపోహ: వాయిదాలకు షార్ట్‌కట్ ఉంది, అన్నిటికీ అదే.

నోట్సుల్లో కనిపించే షార్ట్‌కట్ ఇది:

```
100A / (100n + R·n(n−1)/2)
```

మన లెక్కకు పెడితే 33,10,000 ÷ 330, అంటే దాదాపు 10,030. ఇలా కడితే మూడో వాయిదా తర్వాత కూడా పది వేలకు పైగా బాకీ మిగులుతుంది.

వాస్తవం: ఇక్కడ రెండు తప్పులు కలిశాయి. మొదటిది, ఇది బారువడ్డీ సూత్రం. రెండోది ఎవరూ పట్టించుకోరు: ఇందులోని A ఈరోజు చేతికొచ్చిన అప్పు కాదు, గడువు చివర తీర్చాల్సిన మొత్తం. "4 ఏళ్ల తర్వాత తీర్చాల్సిన రూ.848 బాకీని 4% బారువడ్డీతో సమాన వార్షిక వాయిదాల్లో తీర్చాలి" అన్న లెక్కకు ఇది చక్కగా సరిపోతుంది: 84,800 ÷ 424 = 200. కాబట్టి ఫొటోలో ముందు వెతకాల్సింది అంకెల్ని కాదు, "అప్పు తీసుకున్నాడు" అని ఉందా, "ఇన్నేళ్ల తర్వాత తీర్చాల్సిన" అని ఉందా అన్నది.

అపోహ: అంకెలు కనిపిస్తే చాలు, ఫొటో అంచున ఏం పోయినా ఫర్వాలేదు.

తరచుగా తెగిపోయేది లైన్ చివరి మాటే, జవాబు మారేదీ దానితోనే. "ప్రతి సంవత్సరం చివర" బదులు "ప్రారంభంలో" అని ఉంటే, మొదటి వాయిదా అప్పు తీసుకున్న రోజే పోతుంది. అప్పుడు ఒక్కో వాయిదా 13,310 ÷ 1.1 = 12,100. వాయిదాలూ వడ్డీ లెక్కింపూ రెండూ ఆరు నెలలకోసారి అయితే రేటు 5%, వాయిదాలు 6 అవుతాయి.

బ్యాంకు ఈఎంఐకి కూడా లెక్క ఇదే, కాలం మాత్రం నెల. ఏడాదికి 12% అంటే r దగ్గర 0.01, మూడేళ్లకు n దగ్గర 36 వేయాలి:

```
EMI = P·r·(1+r)^n / ((1+r)^n − 1)
```

ఇందులో P = 33100, r = 0.1, n = 3 పెట్టినా 13,310 వస్తుంది. పరీక్షలో రెండు మూడు వాయిదాలే ఉంటే మాత్రం దీని జోలికి వెళ్లొద్దంటాను, 1.21 + 1.1 + 1 కూడుకోవడమే త్వరగా తేలుతుంది.