షాపు అమ్మకం రేటు: "మూడేళ్ల లాభం" లెక్కలో దాగేది ఓనరు జీతమే

గుంటూర్లో చేతులు మారే షాపులకి లెక్కలు చూసే పని నాది. బేరం ఎక్కడైనా ఒకే మాటతో మొదలవుద్ది, ఏడాదికి ఇంత మిగులుద్ది, మూడేళ్ల లాభం ఇచ్చి తీసుకోండి అని.

అపోహ: పుస్తకాల్లో ఉన్న లాభమే షాపు సంపాదన.

వాస్తవం: ఓనరు జీతం రాసుకోడు, పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడ్డ ఆయన కష్టం కూడా ఆ లాభంలోనే కలిసిపోయి ఉంటది. బ్రాడీపేటలో ఒక స్టేషనరీ షాపు అనుకోండి, లాభం 9 లక్షలు. ఇంటి కారు పెట్రోలు, ఇంటి ఫోన్లు కలిపి 60 వేలు షాపు ఖర్చులో రాశాడు, లోను వడ్డీ ఇంకో 1.2 లక్షలు. ఇవి కొనేవాడికి ఉండవు కాబట్టి తిరిగి కలిపితే 10.8 లక్షలు (లోను మాత్రం అమ్మేవాడే తీర్చి వెళ్లాలి, లేకపోతే రేటులో తగ్గించాలి). గల్లా దగ్గర వాళ్లావిడ జీతం లేకుండా కూర్చుంటది, అక్కడ మనిషిని పెడితే నెలకి 12 వేలు అనుకుందాం, ఏడాదికి 1.44 లక్షలు పోతే 9.36. ఇక ఓనరు సీటు. అదే పనికి బయట మేనేజరుకి 28 వేలు ఇవ్వాలంటే ఏడాదికి 3.36 లక్షలు, అదీ తీస్తే మిగిలేది 6 లక్షలు. ఇక్కడ పట్టుకోవాల్సింది బయట ఆ పనికి ఇచ్చే జీతం, ఓనరు ఇంటి ఖర్చుకి ఎంత వాడుకున్నాడన్నది కాదు. షాపు గది ఆయన సొంతమైతే అద్దె కూడా ఇలాగే తీయాలి, చాలామంది మర్చిపోయేది ఇదే.

అపోహ: ఏడాది లాభానికి ఎన్ని రెట్లు కట్టాలనేది మార్కెట్ రేటు, ఏ లాభానికైనా ఒకటే.

వాస్తవం: 6 లక్షలకి రెండున్నర రెట్లు కడదాం అనుకుంటే 15 లక్షలు. అదే రెండున్నరని ఓనరు జీతం తీయని 9.36 మీద వేస్తే 23.4 లక్షలు అవుద్ది, అంటే 8.4 లక్షలు ఎక్కువ కట్టి మీ జీతాన్ని మీరే కొనుక్కున్నట్టు. జీతం తీయని లాభం మీద బేరమాడటం తప్పేం కాదు, కానీ అప్పుడు రెట్లు కూడా దిగాలి, ఈ షాపుకి 1.6 దగ్గరికి. అందుకే ఎవరైనా "రెండున్నర రెట్లు" అనగానే నేను అడిగేది జీతం తీశాకా, తీయకముందా అని. అద్దె అగ్రిమెంటు 11 నెలలదే అయి, బిల్డింగ్ ఓనరు కొత్తవాళ్లకి రాసిస్తానని చెప్పకపోతే నేనైతే ఇంకా కిందకే దిగుతా.

అపోహ: సరుకు రేటు ఎంఆర్‌పీ మీద.

వాస్తవం: కొన్న ధరకే, అదీ విడిగా లెక్కపెట్టి. సిలబస్ మారిన గైడ్లకి సున్నా. సరుకు ఈ 15లోనే ఉందా, పైన ఇవ్వాలా అన్నది ముందే కాగితం మీద రాసుకోండి.

"అసలు అమ్మకం జీఎస్టీలో చూపించినదానికి డబుల్ అండి" అని చెవిలో చెప్తే కొన్న బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు అడగండి. సరుకు కొనకుండా డబుల్ అమ్మలేరు కదా. కాగితం లేని లాభానికి రెట్లు కట్టొద్దు.